వారానికి 168 గంటలు: మూడు బీమాలున్న ఒక ఇంట్లో సంరక్షణ లెక్క

ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళే పెద్దవాళ్ళకు కేర్ ప్లాన్ వేయడం నా పని. ఈ కేసు రాయడానికి కారణం ఉంది. ఈ కుటుంబానికి ఆరోగ్య బీమా, దీర్ఘకాల సంరక్షణకు అందరి చందాలతో నడిచే సామాజిక బీమా, దానిపైన ఒక ప్రైవేట్ పాలసీ, మూడూ ఉన్నాయి. ఇంతకన్నా బాగా సిద్ధపడ్డ కుటుంబాలు నాకు అరుదుగా ఎదురవుతాయి. అయినా వాళ్ళ మీద ఎంత భారం పడింది, ఏది ఎందుకు చెల్లించలేదు అన్నది వివరంగా చూడాల్సిన విషయం. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. దేశం పేరు కూడా చెప్పడం లేదు.

నేపథ్యం

పెద్దావిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ క్రితం డిమెన్షియా అని తేలింది. ఇంట్లో పడిపోయి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ జరిగింది, కొన్ని వారాలు పునరావాస కేంద్రంలో ఉన్నారు. భర్తకు ఎనభై రెండు, గుండె జబ్బు ఉంది. కూతురు అదే ఊళ్ళో ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తోంది. కొడుకు దూరంగా ఉంటాడు, రాలేడు గానీ డబ్బు పంపగలడు. ప్రైవేట్ పాలసీ దాదాపు ఇరవై ఏళ్ళ కిందట తీసుకున్నది.

వచ్చిన సమస్య

పునరావాస కేంద్రం నుంచి "ఇకపై ఆరోగ్య బీమా చెల్లించదు" అని ఉత్తరం వచ్చింది. కూతురు మొదట అడిగిన మాట ఇది: "అమ్మకి ఇంకా బాగవ్వలేదు కదండీ, ఎలా ఆపేస్తారు?"

ఆపేయడానికి కారణం ఆ ప్రశ్నలోనే ఉంది. ఆరోగ్య బీమా నయం చేసే పనికి డబ్బిస్తుంది. నర్సు, ఫిజియోథెరపిస్టు చేస్తేనే అయ్యే పని ఉన్నంతకాలం చెల్లిస్తుంది. స్నానం చేయించడం, బట్టలు వేయించడం, పక్కన ఉండటం ఎంత అవసరమైనా ఆ ఖాతాలోకి రావు. అమెరికాలో వృద్ధులకున్న ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కూడా అంతే. ఆసుపత్రిలో చేరాక నర్సింగ్ కేంద్రంలో నైపుణ్యంతో కూడిన చికిత్సకు గరిష్ఠంగా 100 రోజులు, అందులో మొదటి 20 రోజులకే పూర్తిగా చెల్లిస్తుంది. ఆ పరిమితిలో కూడా, చికిత్స అవసరం తీరి సంరక్షణ మాత్రమే మిగిలితే చెల్లింపు ఆగిపోతుంది. ఈ ఖాళీని చూసే జర్మనీ 1995లో, జపాన్ 2000లో సంరక్షణ కోసం వేరే సామాజిక బీమా మొదలుపెట్టాయి.

కాబట్టి ఆ ఉత్తరం మీద పోరాడమని నేను సలహా ఇవ్వలేదు. నడక మెరుగవడం నిజంగానే ఆగిపోయింది, గెలిచినా రెండు మూడు వారాలు కలిసొచ్చేవి. ఆ ఓపిక తర్వాతి దరఖాస్తులకు దాచుకోవడం మేలనిపించింది.

ముందు గంటలు, తర్వాత డబ్బు

ఏ బీమా ఎంత ఇస్తుందని వెతికే ముందు ఒక వారం డైరీ రాయమన్నాను. ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో రాస్తే చాలు. ఆమె ఇంటికి వచ్చిన తొలి వారంలో కూతురు సెలవు పెట్టి రాసింది. నేను ఆ పనుల్ని మూడు కుప్పలుగా విడదీశాను.

మొదటిది చేతి సాయం: స్నానం, బట్టలు, టాయిలెట్, మంచం నుంచి లేపడం, తినిపించడం. రోజుకు మూడున్నర గంటలు, వారానికి ఇరవై నాలుగున్నర. రెండోది ఇంటి పని: వంట, ఉతుకు, మందులు సర్దడం. వారానికి పదిహేడున్నర. రెండూ కలిపి 42 గంటలు. వారంలో ఉన్నవి 168. మిగిలిన 126 గంటలు మూడో కుప్ప. ఆమెను కనిపెట్టుకుని ఉండటం. ఇందులో పగలు 70, రాత్రి 56.

ఈ మూడో కుప్ప కుటుంబాలకు పనిలా కనిపించదు. "నాన్న ఊరికే కూర్చుని ఉంటారు కదా" అంటారు. కానీ ఆయన లేచి పక్క గదిలోకి వెళ్తే ఆవిడ వాకర్ వదిలేసి నడవబోతారు. రాత్రి మూడు నాలుగు సార్లు లేచి తలుపు వైపు వెళ్తారు. ఆయన ఊరికే కూర్చోవడం లేదు, కాపలా ఉన్నారు. సామాజిక బీమాలు చాలావరకు మొదటి కుప్పను కొలిచి, దానిలో కొంత భాగానికి చెల్లించేలా కట్టినవి. డిమెన్షియాలో అసలు బరువు మూడో కుప్పలో ఉంటుంది. ఈ కేసులో తర్వాత వచ్చిన చిక్కులన్నిటికీ మూలం ఇదే.

మొదటి అసెస్‌మెంట్

సామాజిక బీమా నుంచి అంచనా వేసే ఆవిడ ఉదయం పదకొండింటికి వచ్చింది. పెద్దావిడకు రోజులో అదే మంచి సమయం. చక్కగా పలకరించారు, "నా పనులు నేనే చేసుకుంటాను" అన్నారు. పెద్దాయన భార్య పరువు తీయడం ఇష్టం లేక తల ఊపారు. ఫలితం అడుగు స్థాయిలో వచ్చింది. వారానికి సుమారు ఐదు గంటల కేర్ వర్కర్ సేవ.

"అబద్ధం చెప్పలేదు కదా" అని పెద్దాయన బాధపడ్డారు. నిజమే, చెప్పలేదు. ఆమె చేతులు కదులుతాయి, సబ్బు రాసుకోగలరు. కానీ నీళ్ళు పోసుకున్నాక తర్వాత ఏం చేయాలో మర్చిపోయి అలాగే నిలబడిపోతారు. ఎవరో పక్కన ఉండి ప్రతి అడుగూ చెప్పాలి. "చేయగలరా?" అని అడిగితే జవాబు అవును. "చెప్పేవాళ్ళు లేకుండా మొదటి నుంచి చివరిదాకా చేస్తారా?" అని అడిగితే జవాబు కాదు.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. జర్మనీ పాత పద్ధతి ముఖ్యంగా శరీరానికి చేసే సాయాన్ని నిమిషాల్లో కొలిచేది. డిమెన్షియా ఉన్నవాళ్ళకు అందులో అన్యాయం జరుగుతోందని 2017లో కొలత మార్చారు. ఇప్పుడు నిమిషాలకు బదులు, మనిషి ఎంతవరకు సొంతంగా నెట్టుకురాగలరో చూసి ఐదు స్థాయిల్లో ఒకటి ఇస్తారు. మార్కుల్లో నడక, కదలికలకు 10 శాతమే. తన ఒంటిపని తాను చేసుకోవడానికి 40 శాతం. జ్ఞాపకం, ప్రవర్తన అనే రెండు విభాగాల్లో ఏది ఎక్కువ తీవ్రంగా ఉంటే దానికి 15 శాతం. మిగతాది మందులు, చికిత్స చూసుకోవడానికి, రోజువారీ జీవితం నడుపుకోవడానికి. ఇలాంటి కొలత ఉన్నచోట, తోడు లేకపోతే స్నానం పూర్తి కాదని చెప్పడం 40 శాతం ఉన్న గడిలో పడుతుంది. చెప్పకపోతే ఆ గడిలో సున్నా.

పనిచేయని రెండు ఏర్పాట్లు

అభ్యంతరం పెట్టాం. ఫలితం వచ్చేలోపు ఇల్లు గడవాలి. ఐదు గంటలు ఉదయం స్నానానికి, మిగతాది పెద్దాయన, సాయంత్రాలు కూతురు. ఇది నెల దాటలేదు. పగటి పనిని పెద్దాయన ఎలాగో నెట్టుకొచ్చారు. రాత్రి నిద్ర ముక్కలవడాన్ని తట్టుకోలేకపోయారు. ఒక తెల్లవారుజామున కళ్ళు తిరిగి పడిపోయి ఆయనే ఆసుపత్రిలో చేరారు. ఇంట్లో సంరక్షణ ఎక్కడ తెగుతుందో తెలియాలంటే నేను రోగి కంటే ముందు చూసుకునేవాళ్ళ నిద్ర గురించి అడుగుతాను. వరసగా నాలుగు గంటలు పడుకోలేని మనిషి మీద ప్లాన్ నిలబడదు.

తర్వాత కొడుకు ఒక ఉపాయం చెప్పాడు: ఇంట్లోనే ఉండేలా ఒక మనిషిని పెట్టుకుందాం, ఖర్చు నేను భరిస్తాను. ఆ మనిషి మంచిదే. కానీ వారానికి 40 గంటల పని అనుకుంటే 168 గంటలకు నలుగురికి పైగా కావాలి. ఒక్కరే ఉంటే రాత్రులు మేలుకుని పగలు పనిచేయాలి. కొన్ని వారాలకే ఆమె మానేసింది. పైగా ఆమె లైసెన్స్ ఉన్న ఏజెన్సీ నుంచి రాలేదు కాబట్టి ప్రైవేట్ పాలసీ చెల్లింపు మొదలవడానికి నిండాల్సిన రోజుల లెక్కలో ఆమె పని చేరలేదు.

ఈ దశలో కూతురు ఉద్యోగం మానేస్తానంది. అమ్మ కోసం ఎంతకైనా సిద్ధపడింది, ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. అయినా వద్దన్నాను. మానేస్తే పోయేది జీతం ఒక్కటే కాదు, ఆమె సొంత పింఛను కూడా. జర్మనీలో ఇంట్లో సంరక్షణ చేసేవాళ్ళ పింఛను చందాను సంరక్షణ బీమా కడుతుంది. అక్కడ కూడా షరతులున్నాయి: వారానికి కనీసం 10 గంటలు, రెండు రోజులకు తగ్గకుండా చూసుకోవాలి, బయట ఉద్యోగం 30 గంటలు మించకూడదు. అన్నిచోట్లా ఆ రక్షణ ఉండదు. ఆమె వారానికి నాలుగు రోజుల పనికి మారింది.

సేవలకు బదులు నగదు తీసుకుని, అది కూతురికిస్తే సరిపోతుందేమోనని కూడా చూశాం. ఇలాంటి చోట్ల నగదు విలువ సేవల విలువ కంటే బాగా తక్కువ. జర్మనీలో 2025 నాటికి మూడో స్థాయికి ఏజెన్సీ సేవలైతే నెలకు 1,497 యూరోల దాకా, నగదుగా అయితే 599. ఇంటివాళ్ళ గంటకు బీమా కట్టే విలువ అది. మనిషి దొరకని ఇంట్లో డబ్బు ఎక్కువ ఉన్నా లాభం లేదు. ఈ ఇంట్లో కొరత మనుషులకే, అందుకే సేవలే ఎంచుకున్నాం.

ప్రైవేట్ పాలసీ: 90 రోజులు అంటే ఏ 90 రోజులు?

పాలసీ చదివినప్పుడు మూడు విషయాలు బయటపడ్డాయి.

మొదటిది అర్హత. స్నానం, బట్టలు, తినడం, టాయిలెట్, మంచం నుంచి లేవడం, మలమూత్రాల అదుపు అనే ఆరింటిలో రెండు చేసుకోలేకపోవాలి, లేదా తీవ్రమైన మతి లోపం ఉండాలి. తుంటి విరిగింది కాబట్టి ఆసుపత్రి డాక్టరు మొదటి దారిలోనే రాశారు: "వాకర్‌తో నడుస్తున్నారు, కోలుకుంటున్నారు." క్లెయిమ్ తిరిగొచ్చింది. ఆ ఉత్తరం తప్పు కాదు, ఈ పనికి పనికిరాదంతే. కోలుకునే శరీరాన్ని ఆధారం చేసుకుంటే అర్హత వారం వారం తగ్గిపోతుంది. అందుకే ఆమె డిమెన్షియాకు చూపించుకునే డాక్టరును వేరే ఉత్తరం అడిగాం. అందులో జ్ఞాపక పరీక్షల ఫలితాలు, తలుపు తీసుకుని బయటికెళ్ళిన సంఘటనలు, స్టవ్ ఆపకుండా వదిలేసిన సంఘటన, "ఒంటరిగా ఉంటే ప్రమాదం, నిరంతర పర్యవేక్షణ కావాలి" అన్న వాక్యం, ఈ స్థితి ఏ తేదీ నుంచి ఉందో రాశారు. ఈసారి ఒప్పుకున్నారు. ఆ తేదీ ఎంత ముఖ్యమో రెండో విషయం చెబుతుంది.

అది ఎలిమినేషన్ పీరియడ్, అంటే అర్హత వచ్చాక పాలసీ చెల్లింపు మొదలుపెట్టే ముందు గడవాల్సిన కాలం. ఇక్కడ 90 రోజులు. కుటుంబం మూడు నెలలనుకుంది. కానీ నిబంధనలో క్యాలెండర్ రోజులు కాదు, సేవ అందుకున్న రోజులు అని ఉంది. ఏజెన్సీ మనిషి వచ్చిన రోజు ఒకటి, రాని రోజు సున్నా. సామాజిక బీమా చెల్లించిన రోజు కూడా లెక్కకొస్తుందా అని కంపెనీని అడిగి, అవునని రాతపూర్వకంగా తీసుకున్నాం.

అప్పుడు ఆ ఐదు గంటలను ఎలా పంచాలన్నది పెద్ద నిర్ణయమైంది. వారానికి రెండు సార్లు రెండున్నర గంటల చొప్పున వస్తామని ఏజెన్సీ మొదట్లో చెప్పింది. కూతురికి అదే నచ్చింది, ఒకేసారి కాస్త ఊపిరి దొరుకుతుంది. కానీ అలా అయితే 90 రోజులు నిండటానికి 45 వారాలు. రోజుకో గంట చొప్పున వారానికి ఐదు రోజులైతే 18 వారాలు. రోజు మొత్తానికి గంట కంటే తక్కువ పని ఉంటే ఏజెన్సీ మనిషిని పంపదు కాబట్టి అంతకన్నా చిన్నగా కోయలేకపోయాం. అదే డబ్బు, అదే గంటలు. తేడా అర్ధ సంవత్సరం పైనే. మేము మొదటి రోజు నుంచీ ఐదు రోజుల పద్ధతి పెట్టాం. క్లెయిమ్ తిరిగొచ్చినా ఆ రోజులు వృథా కాలేదు, రెండో ఉత్తరంలోని తేదీ వాటిని కలుపుకుంది.

మూడో విషయం మొత్తం. రోజుకు ఇంత అని ఇరవై ఏళ్ళ క్రితం రాసిన అంకె అలాగే ఉంది, ధరలతో పాటు పెరిగే క్లాజ్ తీసుకోలేదు. సంరక్షణ ఖర్చు ఏడాదికి 4 శాతం చొప్పున పెరిగితే 18 ఏళ్ళకు రెట్టింపవుతుంది. ఇక్కడ ఒక రాత్రి కేర్ వర్కర్‌కు అయ్యే ఖర్చులో పాలసీ సగమే ఇస్తుంది. మిగతా సగం కొడుకు.

నిలబడిన ఏర్పాటు

రెండో అసెస్‌మెంట్ సాయంత్రం పెట్టించుకున్నాం. ఆ వేళకు ఆమె అయోమయం పెరుగుతుంది. రాత్రుల డైరీ చేతికిచ్చాం. కూతురు తల్లి ఎదురుగా కాకుండా పక్క గదిలో మాట్లాడింది, ఆమెను చిన్నబుచ్చకుండా నిజం చెప్పడానికి అదొక్కటే మార్గం. రెండు స్థాయిలు పెరిగింది. వారానికి సుమారు 12 గంటల కేర్ వర్కర్, దానికి తోడు మూడు రోజులు ఆరేసి గంటలు డే కేర్ సెంటర్.

డే కేర్ గురించి పెద్దాయన సందేహించారు, భార్యను పంపేసినట్టు ఉంటుందని. నేను దాన్నే ఎందుకు పట్టుబట్టానంటే, సామాజిక బీమా డబ్బుతో మూడో కుప్పలోని గంటలు దొరికే చోటు దాదాపు అదొక్కటే. ఇంటికొచ్చే మనిషి పని ముగించుకుని వెళ్ళిపోతారు, సెంటర్‌లో కనిపెట్టుకునే ఉంటారు. 12 గంటలను ఉదయం గంట, సాయంత్రం నలభై నిమిషాలుగా రోజూ పెట్టాం. దాంతో పాలసీ రోజులు వారానికి ఏడు చొప్పున నిండాయి.

చెల్లింపు మొదలయ్యాక పాలసీని రాత్రులకే కేటాయించాం, వారానికి మూడు రాత్రులు, ఎనిమిదేసి గంటలు. రోజూ ఎందుకు కాదని కొడుకు అడిగాడు. ఆ పాలసీలో మొత్తం 1,095 రోజుల మేర నిధి ఉంది, వాడిన రోజుకే ఖర్చవుతుంది. రోజూ వాడితే మూడేళ్ళు, వారానికి మూడు చొప్పున అయితే ఏడేళ్ళు. పెద్దాయనకు నిద్ర పట్టే రాత్రులు మూడు ఉంటే ఆయన నిలబడతారని డాక్టరు అన్నారు. మిగతా నాలుగింటిలో రెండు కూతురు, రెండు ఆయన. ఆ లెక్కన ఉదయం, సాయంత్రం వచ్చే కేర్ వర్కర్ బిల్లును సామాజిక బీమాకే వదిలి, పాలసీకి పంపకుండా చూసుకోవాలి. రెండూ ఒకే ఏజెన్సీ నుంచి వస్తే బిల్లులు కలిసిపోతాయి, అందుకే ప్రతి నెలా కూతురు సరిచూసేది.

అప్పుడు వారం లెక్క ఇలా తేలింది. కేర్ వర్కర్ 12, డే కేర్ 18, రాత్రులు 24. మొత్తం 54. మిగిలిన 114 గంటలు కుటుంబానివి. మూడు బీమాలూ ఉండి, దరఖాస్తులన్నీ చివరికి ఒప్పుకున్నాక కూడా మూడింట రెండు వంతులు ఇంటివాళ్ళే మోశారు. అందుకున్న 24 రాత్రి గంటల్లోనూ సగం ఖర్చు కొడుకుదే.

ఎప్పుడు ఇంట్లో కుదరదో కూడా ముందే మాట్లాడి రాసుకున్నాం: పెద్దాయన మళ్ళీ ఆసుపత్రిలో చేరితే, లేదా ఆమె రాత్రి ఇల్లు దాటి వెళ్తే. సుమారు ఏడాదిన్నరకు మొదటిది జరిగింది. ఆమె సంరక్షణ గృహానికి మారారు. అలాంటి చోట సామాజిక బీమా సంరక్షణ భాగానికే ఇస్తుంది, గదికి, భోజనానికి ఇవ్వదు. అవి ఆవిడ పింఛనులోంచి పోయాయి. రాత్రులను పొదుపుగా వాడినందువల్ల పాలసీ నిధిలో ఎక్కువ భాగం మిగిలే ఉంది, ఇప్పుడు దాన్ని రోజూ వాడుతున్నారు.

ఇప్పుడు నేను మొదటి వారంలోనే చేసేవి

ఈ కేసు తర్వాత డైరీని అసెస్‌మెంట్‌కు ముందే మొదలుపెట్టిస్తున్నాను. ప్రైవేట్ పాలసీ ఉందంటే మొదటి పేజీలోని రోజువారీ మొత్తం చూడక ముందు ఎలిమినేషన్ పీరియడ్‌ను ఏ రోజులతో లెక్కిస్తారో వెతుకుతాను. సేవల షెడ్యూలు దాన్ని బట్టి వేస్తాను. అభ్యంతరం పెట్టే గడువు తక్కువగా ఉంటుంది, జర్మనీలో ఒక నెల. అందుకే ఫలితం ఉత్తరం వచ్చిన తేదీని కవరు మీదే రాయమంటాను.

ఇంకొకటి. ఈ ఇంట్లో పాలసీ ప్రీమియం కట్టేది పెద్దావిడే. బ్యాంకు నుంచి దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు ఉండబట్టి పాలసీ బతికింది. మతిమరుపు వచ్చిన మనిషి మర్చిపోయే వాటిలో ప్రీమియం తేదీ ముందుంటుంది, సరిగ్గా పాలసీ అవసరమయ్యే సమయానికే అది రద్దయ్యే ప్రమాదం ఉంది. అమెరికా రాష్ట్రాలు అనుసరించే నమూనా నిబంధనల్లో, మతి లోపం వల్ల కట్టలేదని నిరూపిస్తే ఐదు నెలల్లోపు పాలసీని పునరుద్ధరించే వీలుంది, ప్రీమియం ఆగితే ఇంకెవరికి తెలియజేయాలో పేరు ఇచ్చే వీలూ ఉంది. మీ ఇంట్లో అలాంటి పాలసీ ఉంటే ఆ రెండో పేరు ఇచ్చారో లేదో ఈ వారమే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. ఇవ్వకపోతే, పిల్లల్లో ఒకరి పేరు రాయించండి.